చెక్కు మీద మొత్తాన్ని అక్షరాల్లో రాసేటప్పుడు



పోయిన నెల ఒక విద్యార్థి తండ్రిగారు ఫీజు కింద ఇచ్చిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగి వచ్చింది. అంకెల్లో 10,050 అని సరిగ్గానే ఉంది. అక్షరాల్లో మాత్రం ‘పది వేల ఐదు వందలు’ అనే అర్థం వచ్చేలా రాశారు. అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే లెక్క అని చట్టం చెబుతుంది. అయినా బ్యాంకువాళ్లు మామూలుగా అలాంటి చెక్కును తిప్పి పంపేస్తారు.

ఈ తప్పు సున్నా దగ్గరే జరుగుతుంది. అందుకని ముందు కుడివైపు నుంచి మూడంకెలు, ఆ తర్వాత రెండేసి అంకెలు విడదీసి కామాలు పెట్టండి. 105070 అనేది 1,05,070 అవుతుంది. ఇప్పుడు ఎడమ నుంచి చదవండి: ఒక లక్ష, ఐదు వేలు, వందల చోట సున్నా, డెబ్బై. సున్నా ఉన్న చోటికి మాట ఉండదు, దాన్ని దాటి వెళ్లాలి. వెనక ఇంకా సంఖ్య ఉంటే ‘వేలు’ కాస్తా ‘వేల’ అవుతుంది. కాబట్టి ‘ఒక లక్ష ఐదు వేల డెబ్బై రూపాయలు మాత్రమే’.

పైసల దగ్గర ఇంకో చిక్కు ఉంది. క్యాలిక్యులేటర్ 1060.5 అని చూపిస్తే అది ఐదు పైసలు కాదు, యాభై. చుక్క తర్వాత ఎప్పుడూ రెండంకెలు ఉండేలా రాసుకుని, ఆ తర్వాతే చదవండి.

405.00 – నాలుగు వందల ఐదు రూపాయలు మాత్రమే
1,060.50 – ఒక వెయ్యి అరవై రూపాయల యాభై పైసలు మాత్రమే
3,208.05 – మూడు వేల రెండు వందల ఎనిమిది రూపాయల ఐదు పైసలు మాత్రమే
10,050.00 – పది వేల యాభై రూపాయలు మాత్రమే

మన ఇళ్లల్లో ఇన్నూరు, మున్నూరు అంటాం కదా, అవీ మంచి తెలుగే. నోట్‌బుక్కులో అలా రాసినా నేను మార్కులు తగ్గించను. చెక్కు మీద మనలో ఎక్కువమంది ఇంగ్లీషులో రాస్తారు, అక్కడా వరుస ఇదే.

గీత మొదట్లో ఖాళీ వదలకండి. ‘ఐదు వేలు’ ముందు చోటు ఉంటే ఎవరైనా ‘ఇరవై’ చేర్చవచ్చు, అంకెల ముందు 2 పెట్టవచ్చు. చివర ‘మాత్రమే’ రాసి, మిగిలిన చోట గీత కొట్టేయండి. మొత్తంలో తప్పు పడితే దిద్ది పక్కన సంతకం పెట్టినా క్లియరింగ్‌లో చెల్లదు, కొత్త చెక్కే రాయాలి.

రాశాక సరిచూడడానికి పిల్లల సాయం తీసుకోండి. మీరు అక్షరాల్లో ఉన్నది పైకి చదవండి, పిల్లలు చెక్కు చూడకుండా అంకెల్లో వేయాలి. రెండూ కలిస్తేనే సంతకం.

ఆరు, ఏడు తరగతుల వాళ్లు సోమవారానికి ఇవి రాసుకుని రండి: 700.07, 2,019.9, 20,300, 4,00,040.