‘పరీక్షలు-2’ అంటే ఎవరికి తెలుస్తుంది?

పాముకాటు వైద్యం మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నర్సులకు జరిగిన ఒక శిక్షణకి హ్యాండవుట్ తయారుచేసే పని నా మీద పడింది. డాక్టరుగారి స్లైడులు 46. పేజీకి ఆరు చొప్పున అచ్చువేయించి ఇచ్చాం, పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపాం. నెల తిరక్కుండానే ఒక నర్సు ఫోన్ చేసింది. “సార్, ఆ గాజు గొట్టం పరీక్ష ఏ పేజీలో ఉందండీ? ఎంత వెతికినా దొరకట్లేదు.”

దొరకదు మరి. ఆ స్లైడు పేరు ‘పరీక్షలు-2’. కింద ఉన్నదంతా ఫోటో. గాజు అనే మాట ఎక్కడా టైపు చేసి లేదు.

రెండో విడత శిక్షణకి హ్యాండవుట్ ముందు ఒక సూచిక పెడదామనుకున్నాం. స్లైడు నంబరు, పక్కన ఒక్క వాక్యం. పవర్‌పాయింట్‌లో Outline View తెరిస్తే శీర్షికలన్నీ ఒకచోట కనిపిస్తాయి కదా, అవే ఎత్తి రాసేద్దామని మొదట చూశాను. విడి టెక్స్ట్ బాక్సులో టైపు చేసిన శీర్షికలు అందులో రానే రాలేదు. వచ్చినవాటిలో ‘చికిత్స’ అన్నవే ఐదున్నాయి. శీర్షిక చెప్పే మనిషికి గుర్తు. మిగతాది ఆయన నోటితో చెబుతాడు. సూచిక వెతికే మనిషి కోసం.

ఆ 27వ స్లైడునే తీసుకుందాం. నేను మొదట రాసింది: “ఈ స్లైడు రక్తపరీక్ష గురించి వివరిస్తుంది.” ఇలాంటివి 46 రాస్తే ‘ఈ స్లైడు’ 46 సార్లు వస్తుంది, పనికొచ్చే మాట ఒక్కటీ ఉండదు. రెండోసారి విషయమే రాశాను: “గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకడితే విరుగుడు మందు అక్కర్లేదు.” బాగుందనుకున్నాను. డాక్టరుగారు చూసి పెన్ను తీశారు. “ఇది పింజర కాటుకి పరీక్షయ్యా. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. నీ వాక్యం చదివి మందు ఆపేస్తే?”

ఒక్క వాక్యంలో ఉన్న చిక్కు ఇదే. మరీ పొడిగా ఉంటే దొరకదు, మరీ నిండుగా ఉంటే చదివినవాళ్లు స్లైడు దాకా వెళ్లరు. చివరికి ఇలా నిలిచింది:

27. గాజు గొట్టం పరీక్ష, 20WBCT: పింజర కాటుకి రక్తం గడ్డకట్టడం చూసే పద్ధతి, కట్లపాము కాటుని పట్టదు.

ప్లాస్టిక్ గొట్టం వాడకూడదన్న మాట ఇందులో చేర్చలేదు. అది డాక్టరుగారు నోటితో చెప్పిందే గానీ స్లైడులో లేదు. సూచికలో చూసి వెళ్లినవాళ్లకి అక్కడ కనిపించకపోతే సూచిక మీద నమ్మకం పోతుంది. ఆ మాటని స్లైడులోనే చేర్పించాం.

ఇక మాటల ఎంపిక. Ctrl+F అక్షరాలు చూస్తుందే తప్ప అర్థం చూడదు. టోసిస్ అని రాస్తే ‘కళ్లు మూతపడటం’ అని వెతికేవాళ్లకి దొరకదు. అందుకని ఇద్దరు నర్సులని, మీరైతే ఏమని కొడతారని అడిగి, ఆ మాటలు పెట్టాం. పుస్తకం మాట ఒకటి పక్కన ఉంచాం. ‘పాముకాటు’ కలిపి రాయాలా, విడగొట్టాలా అన్నది ముందే తేల్చుకుని, మొదటి పేజీ పైన “కలిపి వెతకండి” అని ఒక ముక్క వేశాం.

ఇంత చేశాక అసలు గొయ్యి డీటీపీ దగ్గర తగిలింది. ఆపరేటరు అలవాటుగా అను ఫాంట్లలో కొట్టేశాడు. కాగితం మీద ముత్యాల్లా ఉంది, పీడీఎఫ్‌లో వెతికితే సున్నా. ఆ ఫాంట్ల వెనకాల ఉండేది తెలుగు అక్షరం కాదు, వేరే గుర్తు. పీడీఎఫ్ నుంచి ఒక వరుస కాపీచేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే సంగతి బయటపడుతుంది. పిచ్చిరాత వచ్చిందంటే వెతుకులాట సాగదు. యూనికోడ్‌లో మళ్లీ కొట్టించినా ఒత్తులున్న కొన్ని మాటలు పీడీఎఫ్‌లో విరిగాయి, ‘రక్తపింజర’ వాటిలో ఒకటి. విసిగిపోయి సూచిక మొత్తాన్ని వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా కూడా పెట్టాం. అక్కడ వెతికితే ఇట్టే దొరికింది.

నంబర్లు మాత్రం ఆఖర్న వేయాలి. శిక్షణ రోజు పొద్దున డాక్టరుగారు తొమ్మిదో స్లైడు తర్వాత రెండు కొత్తవి దూర్చారు, మిగతావన్నీ జరిగాయి.

అచ్చుకి ముందు ఆ నర్సుకే సూచిక ఇచ్చి ఐదు ప్రశ్నలు అడిగాను. నాలుగు వెంటనే దొరికాయి. “పిల్లలకి మందు ఎంత?” అన్నది దొరకలేదు. నేను “చిన్నారుల మోతాదు” అని రాశాను. ఆమె వెతికింది ‘పిల్లలు’ అని, ఆ తర్వాత ‘డోసు’ అని. ఇప్పుడు అక్కడ “పిల్లలు, పెద్దలు: విరుగుడు మందు, ఏఎస్‌వీ డోసు ఇద్దరికీ ఒకటే” అని ఉంది.