చక్రం లెక్క, ఉపగ్రహం లెక్క

కారులోని ట్రిప్ మీటర్ దూరాన్ని నేరుగా కొలవదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కించి, కంపెనీ నిర్ణయించిన చుట్టుకొలతతో హెచ్చిస్తుంది. టైరు అరిగినా, గాలి తగ్గినా ఆ చుట్టుకొలత కాస్త తగ్గుతుంది. 8 మిల్లీమీటర్ల ట్రెడ్ 2కు అరిగితే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గి, మీటర్ దాదాపు 2 శాతం ఎక్కువ దూరం చూపుతుంది.

జీపీఎస్ పద్ధతి వేరు. అది కొన్ని క్షణాలకోసారి వాహనం ఉన్న చోటును గుర్తించి, ఆ బిందువులను సరళరేఖలతో కలుపుతుంది. అందుకే ఘాట్ రోడ్డు మలుపుల్లో దూరం తగ్గవచ్చు. సిగ్నల్ దగ్గర ఆగిన బండికి మాత్రం బిందువులు అటూఇటూ కదిలి లేని దూరం చేరవచ్చు.

టైరు సైజు మారిస్తే తేడా స్థిరపడిపోతుంది. 185/65 R15 టైరు వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. దాని బదులు 195/65 R15 వేస్తే 634.5 అవుతుంది, అంటే సుమారు 2.1 శాతం ఎక్కువ. అప్పుడు నిజంగా 100 కిలోమీటర్లు వెళ్తే ట్రిప్ మీటర్ దాదాపు 98 చూపుతుంది.

స్పీడోమీటర్ కూడా అంతే తగ్గుతుంది. అయితే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. అందుకే తయారీదారులు కాస్త ఎక్కువే చూపేలా అమరుస్తారు. 100 వేగానికి 104 చూపే మీటర్ కొత్త టైర్లతో 102 చూపుతుంది. మరీ పెద్ద టైర్లు వేస్తే ఆ వెసులుబాటు పోయి, డ్రైవరు తెలియకుండానే వేగపరిమితి దాటేస్తాడు. మలుపుల్లేని, ఆకాశం బాగా కనిపించే రహదారిపై నిలకడ వేగంతో వెళ్తూ జీపీఎస్ వేగంతో పోలిస్తే తేడా తెలుస్తుంది.