ముద్ర కింది అంకె

ఇంటి లోను కోసం వెళితే బ్యాంకు అడిగే కాగితాల్లో సేల్ డీడ్ సాధారణంగా ఉంటుంది. దాన్ని స్కాన్ చేసి దస్తావేజు నంబరు, తేదీ, విస్తీర్ణం, కొన్నవారి పేరు మాత్రం కంప్యూటర్ చేత ఏరించుకోవచ్చు. అచ్చు శుభ్రంగా ఉన్నచోట పని చకచకా సాగిపోతుంది. చిక్కంతా గుండ్రటి ఆఫీసు ముద్రతోనే. అది ఖాళీ చోటు చూసుకుని పడదు కదా! సరిగ్గా మనకు కావలసిన అంకె మీదే పడుతుంది.

ఉదాహరణకు, ఒక దస్తావేజులో విస్తీర్ణం 266.66 చదరపు గజాలని ఉందనుకుందాం. నీలం ముద్ర అంచు మొదటి 6 మీదుగా వెళ్లి, దాని పైభాగంలో తెరుచుకుని ఉన్న చోటును మూసేసింది. కంప్యూటర్ దాన్ని 8 అనుకుని 286.66 అని రాసుకుంటుంది. కాగితం మీద లేని ఇరవై గజాలు లెక్కలోకి వచ్చి చేరతాయి.

అలా ఎందుకు చదివిందంటే, చదివే ముందు బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చుకుంది కాబట్టి. రంగు స్కాన్‌లో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు 0 నుంచి 255 వరకు మూడు అంకెలుగా ఉంటాయి. మన కాగితం తెలుపు 240, 240, 235 అనుకోండి. నల్ల అచ్చు 40, 40, 45. ముద్ర సిరా 90, 80, 190. మూడింటినీ కలిపి బూడిద రంగుగా మారిస్తే ముద్ర విలువ సుమారు 95కి దిగుతుంది. 120 కన్నా తక్కువైతే నలుపు అని గీత గీస్తే, అచ్చూ ముద్రా రెండూ నలుపే. ఇక ఏది ఏదో విడదీసే దారి ఉండదు.

అలా కలపకుండా నీలం పాలును మాత్రమే విడిగా తీసి చూడండి. కాగితం 235, ముద్ర 190, అచ్చు 45. అదే 120 గీత దగ్గర ముద్ర కాగితంలో కలిసిపోతుంది, అచ్చు ఒక్కటే మిగులుతుంది. నీలం గాజులోంచి చూస్తే నీలం గీత కనపడకపోవడం లాంటిదే ఇది. నీలం సిరా నీలం వెలుగును తిప్పి పంపుతుంది, నల్ల అచ్చు ఏ వెలుగునూ వదలదు. ముద్ర కింద ఉన్నా అక్షరం నల్లగానే ఉంటుంది కాబట్టి అది తెగిపోదు. ఎర్ర ముద్రకైతే ఎరుపు పాలు తీసుకోవాలి. నీలం పెన్నుతో చేసిన సంతకానికీ ఇదే మందు.

చాలామంది ఇక్కడ వేరే దారి పడతారు: నీలంగా కనబడిన చుక్కలన్నీ చెరిపేస్తారు. నాకైతే అది నచ్చదు. ముద్ర పడినచోట అక్షరం అంచులు కూడా కాస్త నీలంగానే ఉంటాయి, వాటితోపాటు అవీ పోతాయి. తెలుగులో నష్టం మరీ ఎక్కువ. తలకట్టు చెక్కుకుపోయినా, కింది ఒత్తు ఊడిపోయినా పేరే మారిపోతుంది. ముద్ర వలయంలో మిగిలిన చిన్న వంపు సున్నాగా చేరినా అంతే. మరకలనుకుని చిన్న చుక్కలన్నీ ఊడ్చేస్తే దశాంశ బిందువు కూడా పోయి, 266.66 కాస్తా 26666 అవుతుంది.

వాటర్‌మార్కు సంగతి తేలిక. అది లేతగా, వెడల్పుగా ఉంటుంది. చుట్టుపక్కల వెలుగును బట్టి ఒక్కో చోట ఒక్కో గీత గీసుకుంటే చాలావరకు తప్పుకుంటుంది. అసలు కష్టం నల్ల సిరాతో చేసిన సంతకంతో, జిరాక్స్ కాపీతో. అక్కడ రంగు అనే ఆధారమే లేదు. వరుస దాటి పైకీ కిందికీ సాగే పొడవాటి గీతను సంతకంగా గుర్తుపట్టి తీసేయొచ్చు గానీ, అది అక్షరాన్ని దాటిన చోట ఏది అచ్చో ఏది పెన్నో తేల్చడం ఊహే అవుతుంది.

అందుకే చదివినదాన్ని కాగితంతోనే సరిచూడాలి. అదే దస్తావేజులో కొలతలు తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 60 అడుగులు అని ఉన్నాయనుకోండి. 2400 చదరపు అడుగులు. చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి 266.66 గజాలు. 286.66 తప్పని అక్కడే తేలిపోతుంది. సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటుంది కనుక రెండూ పోల్చవచ్చు. ఆధార్‌లో చివరి అంకె ముందున్న పదకొండింటి లెక్క నుంచి వచ్చేదే, కాబట్టి ఒక్క అంకె తప్పు చదివినా పట్టుబడుతుంది. తేదీకి, మనిషి పేరుకు ఇలాంటి కాపలా ఉండకపోవచ్చు. వాటిమీద ముద్ర పడితే ఆ గడిని ఖాళీగా వదిలి మనిషి కళ్లకు పంపడమే సరైన పని. ఖాళీ గడి కనబడుతుంది, తప్పు అంకె కనబడదు.

మీ కాగితాలు స్కాన్ చేయించేటప్పుడు జిరాక్స్ ఇవ్వకండి, అసలు దస్తావేజే ఇవ్వండి. రంగులో, 300 డీపీఐలో తీయమనండి. ఫైలు సైజు తగ్గించడానికి మరీ నొక్కేయొద్దనండి. అలా నొక్కినప్పుడు ముందుగా చెదిరేది రంగు వివరమే. నలుపు తెలుపుల్లో ఒకసారి తీసేశాక ఆ రంగును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.