మూడు ఫోటోల నుంచి ఒక ముఖం

ఇంట్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు పెద్దకర్మ నాటికి దండ వెయ్యడానికి ఒక పటం కావాలి. పాత తరం వాళ్ళకి మంచి ఫోటో ఉండడం అరుదు. పెట్టె అడుగున ఒక పాస్‌పోర్ట్ సైజు ముక్క, ఎవరి పెళ్ళిలోనో నలభైమంది మధ్య దూరంగా ఒక ముఖం, గోడమీద చెమ్మపట్టిన పటం ఒకటి దొరుకుతాయి. తొందరలో ఉన్న కుటుంబం వాటిని స్టూడియోకి పట్టుకెళితే, తల వరకూ కత్తిరించి తయారుగా ఉన్న కోటుకో పట్టుచీరకో అతికించి ఇవ్వడం చాలా ఊళ్ళలో మామూలే. ఆ పటం ముందు దణ్ణం పెట్టుకునే మనవలకి అందులో ఏది అసలో, ఏది అతుకో తెలిసే దారి ఉండదు. కాస్త సమయం తీసుకుంటే, ఉన్న ఫోటోల్లోంచే నమ్మదగిన పటం చెయ్యవచ్చు. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక నాయనమ్మ ఉందనుకుందాం. ఆవిడవి మూడు ఫోటోలు దొరికాయి. మొదటిది 1981 ప్రాంతంలో పింఛను పుస్తకానికి అంటించిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో. గడ్డం మీద ఆఫీసు ఊదారంగు ముద్ర పడింది, మడత పడి ఎడమకంటి బయటి మూల దగ్గర పొర రాలిపోయింది, ఒక పక్క చిరిగి కుడిచెవి, భుజం పోయాయి. రెండోది 1979లో కూతురి పెళ్ళిలో పందిరి కింద తీసిన గ్రూపు ఫోటో. అందులో ఆవిడ చెక్కుచెదరకుండా ఉంది గానీ ముఖం మొత్తం 8 మిల్లీమీటర్లే. మూడోది 1964లో భర్త పక్కన కూర్చుని స్టూడియోలో తీయించుకున్నది. చక్కగా, స్పష్టంగా ఉంది, కానీ ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది.

ముందుగా తేల్చుకోవలసింది ముఖం ఏ ఫోటోది అన్నది. నా మటుకు ఇందులో రాజీ లేదు. ముఖం ఒక్క ఫోటో నుంచే రావాలి. మిగతావి అందులో పోయిన చోట్లు పూడ్చడానికే. ఇక్కడ ముఖానికి ఆధారం 1981 ఫోటో. 1964 ఫోటోలో కళ్ళు మెరుస్తూ ఉంటాయి, ఆ కన్ను తెచ్చి ఇక్కడ పెడితే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. పదిహేడేళ్ళలో కనురెప్ప జారుతుంది, కంటి కింద చర్మం వదులవుతుంది. యువతి కన్ను ముసలమ్మ ముఖంలో పెడితే ఆవిడ ఏ రోజునా లేని ముఖం తయారవుతుంది. రెండో కంటిని అద్దంలోలా తిప్పి పెట్టడమూ అంతే తప్పు. ఏ ముఖానికీ రెండు పక్కలూ ఒకలా ఉండవు. పిల్లలు తల్లిని గుర్తుపట్టడంలో ఆ చిన్న తేడాకీ పాత్ర ఉంటుంది.

అలాగని 1964 ఫోటో పనికిరాదని కాదు. అది సాక్ష్యం చెబుతుంది. పుట్టుమచ్చ ఏ వైపుందో, ముక్కుపుడక ఏ వైపు పెట్టుకునేదో, పాపిట ఎటు తీసేదో దానివల్ల తెలుస్తుంది. పాత ఫోటోలకు నకళ్ళు తీసేటప్పుడు నెగటివ్ తిరగబడి అచ్చయిన సందర్భాలుంటాయి కాబట్టి మూడూ ఒకే వైపు ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. పైట ఎడమ భుజం మీద వేసుకునే మనిషైతే ఫోటోలో అది మనకి కుడివైపు కనిపించాలి. ఆ అద్దానికి అతుక్కున్న పటాన్ని మాత్రం ఊడదియ్యకండి. ఫోటో కాగితం మీద బొమ్మ ఉండేది జిలాటిన్ పొరలో. చెమ్మకి అది మెత్తబడి గాజుకి పట్టుకుంటుంది, లాగితే ముఖమే గాజుతో పోతుంది. అద్దంతో సహా పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి కెమెరాతో తీస్తే చాలు.

మిగతా రెండూ స్కానర్ మీదికి వెళతాయి. నలుపు తెలుపు ఫోటో అయినా రంగుల్లోనే స్కాన్ చెయ్యాలి, అదీ 16 బిట్‌లో, TIFF ఫైలుగా. పాస్‌పోర్ట్ ఫోటోలో ముఖం 20 మిల్లీమీటర్లు ఉంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన ముఖం నిలువు సుమారు 945 చుక్కలు వస్తుంది. గోడమీద పెట్టే 8, 10 అంగుళాల పటానికి అది సరిపోతుంది. గ్రూపు ఫోటోలో 8 మిల్లీమీటర్ల ముఖం 600 దగ్గర 190 చుక్కలు కూడా రాదు. స్కానర్‌ని ఇంకా పెంచితే ఫైలు పెద్దదవుతుందే తప్ప కాగితంలో లేని వివరం పుట్టదు.

రంగుల్లో స్కాన్ చెయ్యమన్నది మరకల కోసం. రంగుల ఫైలులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విడి చిత్రాలుంటాయి. పసుపుపచ్చని మరక నీలపు వెలుతురుని మింగుతుంది కాబట్టి నీలం చిత్రంలో నల్లగా, ఎరుపు చిత్రంలో దాదాపు మాయమై కనిపిస్తుంది. ఊదా ముద్ర దీనికి తలకిందులు. అది ఎరుపులో, ఆకుపచ్చలో ముదురుగా ఉండి నీలంలో బాగా పలచబడుతుంది. అందుకని మన ఫోటోలో ముఖమంతా ఎరుపు చిత్రం నుంచి, గడ్డం మీద ముద్ర ఉన్న మేరకు మాత్రం నీలం చిత్రం నుంచి తీసుకుని, రెండింటి నలుపు తెలుపులూ సరితూగేలా దిద్దుతాం. సిరా కింద దాగిన అసలు గడ్డం చాలావరకు తిరిగొస్తుంది. ఎవరూ ఏమీ గీయలేదు, ఊహించలేదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

కన్ను అంత తేలిగ్గా లొంగదు. 20 మిల్లీమీటర్ల ముఖంలో కంటి నల్లగుడ్డు వెడల్పు ఒక మిల్లీమీటరుకి అటూఇటూ. మడత గీత కూడా అంతే ఉంటుంది. గీత కాస్త లోపలికి జరిగి ఉంటే నల్లగుడ్డే పోయేది. మన అదృష్టం కొద్దీ బయటి మూలే పోయింది. గ్రూపు ఫోటోలో ఆ కన్ను నల్లగుడ్డు పది చుక్కల వెడల్పే కాబట్టి దాని నుంచి చర్మపు నేత రాదు. కనురెప్ప అంచు ఎక్కడ వంగుతోందో, మూల ఎంత కిందికి జారిందో ఆ గీత మాత్రం తెలుస్తుంది. ఆ గీతని ఆధారంగా పెట్టుకుని, పక్కనే మిగిలిన చర్మం నుంచి నేత తెచ్చి పూడుస్తాం. అక్కడ కాస్త మసక మిగిలితే మిగలనివ్వాలి. ఒక్క నొక్కుతో ముఖాన్ని తళతళలాడించే ఫోన్ యాప్‌లు ఈ చోటే వేరేవాళ్ళ ముఖాల నుంచి నేర్చుకున్న కనురెప్పలు, ముడతలు పెట్టేస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, మనిషి మారిపోతుంది.

చెవి, భుజం గ్రూపు ఫోటో నుంచి తెచ్చుకోవచ్చు. అవి విడి లేయర్లో ఉండాలి, ఏదీ చెరపకుండా మాస్క్‌తో దాచాలి. అప్పుడు ఎప్పుడైనా వెనక్కి వెళ్ళవచ్చు. కొలత కలపడానికి రెండు నల్లగుడ్ల మధ్య దూరాన్ని సమానం చేస్తాం. అయినా చెవి కొంచెం బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి కారణం దూరం. పాస్‌పోర్ట్ ఫోటో దగ్గర నుంచి తీసినది, దగ్గరి కెమెరాకి ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి తగ్గినట్టు వస్తాయి. గ్రూపు ఫోటో చాలా గజాల దూరం నుంచి తీసినది, అందులో చెవులు నిండుగా వస్తాయి. కాబట్టి తెచ్చిన చెవిని కొద్దిగా కుదించక తప్పదు. వెలుతురూ చూసుకోవాలి. స్టూడియో దీపం ఒక పక్కనుంచి పడింది, పందిరి కింద వెలుగు అన్నివైపుల నుంచీ వచ్చింది. ముక్కు కింద నీడ ఏ వైపు వాలిందో చూసి చెవి మీద నీడని దానికి తగినట్టు దిద్దకపోతే అతుకు పట్టుబడుతుంది. చివరగా తెచ్చిన భాగం మీద పాస్‌పోర్ట్ ఫోటో గరుకుని పోలిన సన్నని గరుకు వెయ్యాలి.

తప్పు జరిగిందో లేదో చేసినవాళ్ళకి తెలియదు, గంటల తరబడి చూసి కళ్ళు అలవాటుపడిపోతాయి. పటాన్ని అడ్డంగా తిప్పి చూస్తే కొన్ని వంకరలు బయటపడతాయి. అసలు పరీక్ష ఆవిడని ఎరిగినవాళ్ళది. ఇద్దరికి, ఒకరి మాట ఒకరు వినకుండా, విడివిడిగా చూపించండి. “బాగుందా?” అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. “ఎక్కడ తేడాగా ఉంది?” అని అడగాలి. ఇద్దరూ ఒకే చోటు చూపిస్తే అక్కడ మన చెయ్యి ఎక్కువైందని అర్థం.

ఈ దశలోనే ఇంట్లోవాళ్ళ కోరికలు వస్తాయి. పట్టుచీర కట్టించమంటారు, మెడలో హారం వెయ్యమంటారు. అన్నిటికంటే బరువైనది బొట్టు. 1981 నాటికి నాయనమ్మ భర్త పోయి ఉంటే ఆ ఫోటోలో నుదురు బోసిగా ఉంటుంది. ఆచారం తమ తల్లి నుంచి తీసేసిన బొట్టుని కూతుళ్ళు పటంలోనైనా తిరిగి పెట్టాలనుకుంటారు. ఆ కోరికని కాదనే హక్కు ఫోటో దిద్దేవాళ్ళకి లేదని నా అభిప్రాయం. పెట్టండి. కాకపోతే “బొట్టు కూతుళ్ళు పెట్టించినది” అని పటం వెనక రాయండి. రేపు మనవరాలు ఆ మాట చదివితే నాయనమ్మ గురించీ, ఆ కూతుళ్ళ గురించీ కూడా తెలుసుకుంటుంది.

రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో ఒక ప్రసిద్ధ చిత్రం ఉంది. అంతర్యుద్ధ కాలపు సేనాని యులిసిస్ గ్రాంట్ సిటీ పాయింట్ శిబిరంలో గుర్రమెక్కి ఉన్నట్టుంటుంది. నిజానికి తల గ్రాంట్‌ది, గుర్రమూ శరీరమూ మెక్‌కుక్ అనే మరో సేనానివి, వెనక కనిపించే శిబిరం ఫిషర్స్ హిల్ దగ్గర పట్టుబడిన ఖైదీలది. లెవిన్ హ్యాండీ అనే ఫోటోగ్రాఫర్ 1902లో దానికి కాపీరైట్ తీసుకున్నాడు. చాలాకాలం జనం దాన్ని అసలు ఫోటోగానే చూశారు. తర్వాత లైబ్రరీవాళ్ళు తమ దగ్గరున్న పాత నెగటివ్‌లలో ఆ మూడు ముక్కల్నీ వెతికి పట్టుకున్నారు. ఆ నెగటివ్‌లు భద్రంగా ఉండబట్టే నిజం తేలింది. మన ఇళ్ళలో పటం తయారయ్యాక ఆ పాస్‌పోర్ట్ ముక్కని ఎవరు దాస్తారు?

మన నాయనమ్మ పటానికి రాత ఇలా ఉండవచ్చు. “ఇది ఒకే ఫోటో కాదు, కూర్చిన చిత్రం. ముఖం 1981 నాటి పింఛను పుస్తకం ఫోటో నుంచి. కుడిచెవి, భుజం 1979 పెళ్ళి ఫోటో నుంచి, చెవిని కొద్దిగా కుదించాం. ఎడమకంటి బయటి మూల దిద్దినది. గడ్డం మీద ముద్ర తొలగించాం. బొట్టు కూతుళ్ళు పెట్టించినది.” కింద చేసినవారి పేరు, సంవత్సరం. దీన్ని కాగితం మీద రాసి ఫ్రేము వెనక అట్టకి అంటించాలి. ఫోటో వెనకే బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తిడికి గీతలు ముందుకి తేలతాయి. పటం ముందువైపు అడుగున కూడా “రెండు ఫోటోల నుంచి కూర్చినది” అని చిన్న అక్షరాల్లో ఉండాలి. 1964 ఫోటో చూసుకోవడానికే వాడాం, దానిలోంచి ఏమీ తీసుకోలేదు కాబట్టి లెక్క రెండే.

ఫైలులోనూ ఇదే రాత Description అనే గడిలో పెట్టవచ్చు. వార్తా సంస్థలు వాడే IPTC పద్ధతిలో Digital Source Type అనే గడి ఉంది, అసలు ఫోటోలనే కలిపి చేసిన చిత్రానికి అందులో compositeCapture అని రాస్తారు. అయితే వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఈ రాతలు సాధారణంగా ఊడిపోతాయి, బంధువుల ఫోన్లకి చేరేది వట్టి బొమ్మే. ముందువైపు అక్షరాలు అందుకే తప్పనిసరి. దిద్దని స్కాన్లు, లేయర్లున్న ఫైలు, పూర్తయిన పటం మూడూ ఒకే ఫోల్డర్లో పెట్టి ఇంట్లో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి. అసలు ఫోటోల్ని ప్లాస్టిక్ సంచుల్లో కాకుండా ఆమ్లం లేని కాగితపు కవర్లలో, చెమ్మ తగలని బీరువాలో పెట్టాలి. పింఛను పుస్తకంలోంచి ఊడిన ఆ ముక్క కవరు మీద ఆవిడ పేరు, సంవత్సరం పెన్సిల్‌తో రాయండి.