హామ్ లాగ్‌లో నిన్నటి తేదీ

2024 మార్చి 1, శుక్రవారం. అర్ధరాత్రి దాటి రెండుంపావు అయింది. హైదరాబాద్‌లో ఒక హామ్ 40 మీటర్ల బ్యాండ్ మీద, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, మోర్స్‌లో పిలుపు ఇస్తే ఇంగ్లండ్ నుంచి మరో హామ్ పలికాడనుకుందాం. ఇద్దరూ కాల్‌సైన్లు చెప్పుకున్నారు, సిగ్నల్ ఎలా వినిపిస్తోందో చెప్పుకున్నారు, సెలవు తీసుకున్నారు. రెండు నిమిషాల్లో అయిపోయిన ఈ సంభాషణను మనవాడు లాగ్‌బుక్‌లో ఎక్కించాల్సిన తేదీ మార్చి 1 కాదు. ఫిబ్రవరి 29. సమయం 20:45.

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. సమయాన్ని కష్టపడి సరిగ్గానే లెక్కగడతారు. తేదీ దగ్గరికి వచ్చేసరికి గోడమీది క్యాలెండర్ చూసి రాసేస్తారు.

అమెచ్యూర్ రేడియో అంటే పరీక్ష రాసి, ప్రభుత్వం నుంచి లైసెన్సు, సొంత కాల్‌సైన్ తీసుకుని, ఇంట్లో ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని లోకంతో మాట్లాడే వ్యాపకం. మన దేశంలో ఈ కాల్‌సైన్లు ఎక్కువగా వీయూ2, వీయూ3తో మొదలవుతాయి. మాట్లాడిన ప్రతిసారీ తేదీ, సమయం, అవతలివాళ్ల కాల్‌సైన్, బ్యాండ్, మోర్సా మాటా అన్న వివరం, సిగ్నల్ రిపోర్టు రాసుకుంటారు. అదే లాగ్. అవతలి హామ్ కూడా తన లాగ్‌లో ఇవే రాసుకుంటాడు. ఆ తర్వాత క్యూఎస్ఎల్ కార్డు అనే పోస్టుకార్డు పంపుకునో, ఇంటర్నెట్‌లో లాగ్‌లు ఎక్కించుకునో ‘మనం మాట్లాడుకున్నది నిజమే’ అని ఒకరికొకరు ధ్రువీకరిస్తారు. వంద దేశాలతో మాట్లాడినందుకు ఇచ్చే డీఎక్స్‌సీసీ లాంటి అవార్డులకు ఈ ధ్రువీకరణే ఆధారం. ఒకరికొకరు తెలియని ఇద్దరు, వేల కిలోమీటర్ల దూరంలో, విడివిడిగా రాసుకున్న రెండు పంక్తులు ఒకే సంఘటన గురించి అని మూడో మనిషికి తెలియాలి. అందుకే అందరూ ఒకే గడియారం చూసి రాయాలి. ఆ గడియారమే యూటీసీ, సమన్విత సార్వత్రిక సమయం.

ఎవరి సమయం వాళ్లు రాసుకుని, తర్వాత తేడా చూసుకుంటే సరిపోదా అని అడగవచ్చు. తేడా ఏడాదంతా ఒకేలా ఉంటే సరిపోయేదేమో. అమెరికాలో చాలాచోట్ల మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తుంది. ఐరోపాలో ఇదే పని మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం జరుగుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ తంతు కొత్తేమీ కాదు. నిన్నటిదాకా సరిపోయిన ఫోన్ వేళ ఆ ఆదివారం నుంచి గంట తేడా వస్తుంది. పైగా దక్షిణార్ధగోళంలో గడియారం మార్చే దేశాలు దీన్ని తలకిందుల రుతువుల్లో చేస్తాయి. మనది అరగంట లెక్క, నేపాల్‌ది ముప్పావుగంట లెక్క. ఒక్క రాత్రిలో నలభై దేశాలతో మాట్లాడే హామ్ ఇవన్నీ గుర్తుపెట్టుకుని కూర్చోలేడు.

దీని తీవ్రత చూడాలంటే అక్టోబరు చివర్లో జరిగే సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీ చూడాలి. హామ్‌లకు అది పెద్ద పండగ. మాటలతో ఆడే ఈ పోటీ అక్టోబరులో చివరి పూర్తి వారాంతంలో, 48 గంటలు నడుస్తుంది. ఐరోపాలో గడియారాలు వెనక్కి తిప్పే చివరి ఆదివారం ఎప్పుడూ సరిగ్గా దీని మధ్యలోనే పడుతుంది. ఆ ఆదివారం బ్రిటన్‌లో తెల్లవారుజామున రెండు కొట్టగానే గడియారం మళ్లీ ఒంటిగంటకు వెళ్తుంది. అంటే ఒంటిగంట నుంచి రెండింటిదాకా ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. స్థానిక సమయం రాసుకుంటే ‘1:40’ అన్న పంక్తి మొదటి గంటలోదో రెండో గంటలోదో రాసినవాడికే తెలియదు. లాగ్‌లో ముందు 1:50, ఆ కిందనే 1:05 కనిపిస్తాయి. యూటీసీలో ఆ రోజు కూడా 24 గంటలే, ఏ గంటా రెండుసార్లు రాదు. ఇదే పోటీ మనకు శనివారం పొద్దున అయిదున్నరకు మొదలై సోమవారం పొద్దున అయిదున్నరకు ముగుస్తుంది. ఆదివారం అర్ధరాత్రికి అయిపోయిందనుకుని రేడియో కట్టేసినవాడు అయిదున్నర గంటల ఆట వదులుకున్నట్టే.

యూటీసీ అంటే ఇంగ్లండ్ సమయమేగా, వాళ్లకు సుఖం అని కొందరు సణుగుతుంటారు. వేసవిలో లండన్ గోడగడియారం యూటీసీకి గంట ముందు ఉంటుంది, అప్పుడు వాళ్లూ లెక్క కట్టాల్సిందే. యూటీసీ ఏ ఊరి గడియారమూ కాదు. వివిధ దేశాల ప్రయోగశాలల్లోని పరమాణు గడియారాలను కలిపి నిలబెట్టే సమయం అది. పాత కార్డుల మీద జీఎంటీ అనో, అంకెల పక్కన ఒక్క ‘జెడ్’ అక్షరమో కనిపిస్తే దాన్ని కూడా యూటీసీగానే తీసుకోవచ్చు. వాటి మధ్య తేడా ఒక సెకనుకు మించదు, మన లాగ్‌లో నిమిషాలతోనే పని.

ఇక లెక్క. భారత సమయం యూటీసీకి అయిదున్నర గంటలు ముందుంటుంది. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడకు చేరువగా పోతుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. మన గడియారం నుంచి అయిదున్నర తీసేస్తే యూటీసీ వస్తుంది, యూటీసీకి అయిదున్నర కలిపితే మన సమయం వస్తుంది. మనకు వేసవి సమయం గొడవ లేదు కాబట్టి జనవరిలోనైనా జులైలోనైనా ఇదే అంకె.

మన హైదరాబాద్ హామ్ దగ్గరికి వద్దాం. 2:15 లోంచి 5:30 పోదు. కాబట్టి ముందురోజు నుంచి 24 గంటలు అప్పు తెచ్చుకోవాలి. 2:15 కాస్తా 26:15 అవుతుంది. అందులోంచి 5:30 తీస్తే 20:45. అప్పు తెచ్చుకున్నాం కనుక తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది. 2024 లీపు సంవత్సరం, అందుకే మార్చి 1 ముందురోజు ఫిబ్రవరి 29. అరగంట అడ్డొచ్చి నోటిలెక్క తికమక పెడితే, ఆరు గంటలు తీసేసి అరగంట కలపండి. ముందురోజు 20:15, దానికి అరగంట కలిపితే 20:45. అర్ధరాత్రి నుంచి పొద్దున 5:29 దాకా మనం మాట్లాడిన ప్రతి మాటా యూటీసీలో నిన్నటిదే. జనవరి 1 తెల్లవారుజామున అయితే ఏడాది కూడా మారుతుంది.

కంప్యూటర్ లాగ్‌లో ఆ సంభాషణ ఇలా ఉంటుంది:

```
<QSO_DATE:8>20240229 <TIME_ON:4>2045 <BAND:3>40m <MODE:2>CW
```

ఇప్పుడు అటునుంచి ఇటు. అమెరికాలోని వర్జీనియా నుంచి ఒక కార్డు వచ్చిందనుకుందాం. దాని మీద 2025 మార్చి 9, 00:45 యూటీసీ అని ఉంది. అయిదున్నర కలిపితే మనకు అదే రోజు, ఆదివారం పొద్దున 6:15. తూర్పు తెల్లవారుతున్న వేళ. మరి ఆ క్షణంలో అవతలి మనిషి గడియారంలో ఎంత అయింది? అక్కడ ఇంకా చలికాలపు లెక్కే, యూటీసీకి అయిదు గంటలు వెనక. కాబట్టి శనివారం, మార్చి 8 రాత్రి 7:45. ఆ రాత్రి గడిచి, ఆదివారం తెల్లవారుజామున రెండింటికి వర్జీనియాలో గడియారాలు గంట ముందుకు జరిగాయి. అదే ఇద్దరు మర్నాడు మళ్లీ 00:45 యూటీసీకే మాట్లాడుకుంటే మనకు ఎప్పటిలాగే 6:15, వర్జీనియాలో మాత్రం 8:45. అవతలి ఊరి సమయం తెలుసుకోవాలంటే ఆ ఊళ్లో ఇవాళ ఉన్న తేడా చూస్తే చాలదు, కార్డు మీది తేదీన ఎంత తేడా ఉందో చూడాలి. జులైలో కూర్చుని జనవరి కార్డు చూసేవాళ్లు ఈ గంట దగ్గరే పొరబడతారు.

లాగ్ తప్పిందని ఎలా తెలుస్తుంది? ‘లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్’ అనే అమెరికన్ సేవలో ఇద్దరి లాగ్‌లనూ కంప్యూటర్ సరిపోలుస్తుంది. సమయంలో అరగంట వరకు తేడా ఉన్నా ఒప్పుకుంటుంది. గడియారం నాలుగు నిమిషాలు తప్పినా ఫర్వాలేదు గానీ, అయిదున్నర గంటలు తప్పితే ఒక్కటీ కలవదు. నెలల తరబడి ఏ ధ్రువీకరణా రాకపోతే తెలిసిన హామ్ ఒకరిని అడిగి, ఇద్దరి లాగ్‌లలోనూ ఒకే సంభాషణ పక్కపక్కన పెట్టి చూడాలి. మనది అయిదున్నర గంటలు ముందుంటే గోడగడియారం చూసి రాసేశామన్నమాట. అయిదున్నర గంటలు వెనకుంటే రెండుసార్లు తీసేశామన్నమాట. కంప్యూటర్ గడియారాన్ని చేత్తో యూటీసీకి తిప్పి, టైమ్‌జోన్‌ను మాత్రం భారత్‌గానే వదిలేస్తే, లాగింగ్ ప్రోగ్రాం దాన్ని మన సమయమనుకుని మళ్లీ అయిదున్నర తీసేస్తుంది. 20:45 కాస్తా 15:15 అయి కూర్చుంటుంది. సరిగ్గా 24 గంటల తేడా ఉంటే తేదీ ఒక్కటే తప్పింది.

ఎఫ్‌టీ8 వాడేవాళ్లు ఇంకో మాయలో పడతారు. 2017లో వచ్చిన ఈ డిజిటల్ పద్ధతిలో రెండువైపులా కంప్యూటర్లు 15 సెకన్ల విడతల్లో వంతులవారీగా మాట్లాడుకుంటాయి. గడియారం కొన్ని సెకన్లు తప్పినా ఏమీ అర్థం కాదు. దాంతో ‘సిగ్నల్స్ చక్కగా వస్తున్నాయి, కాబట్టి నా గడియారం సరైనదే’ అనుకుంటారు. కానీ అయిదున్నర గంటలంటే సరిగ్గా 1,320 విడతలు. అది సరిసంఖ్య, కాబట్టి ఎవరి వంతు ఎప్పుడన్నది కూడా మారదు. గంటలు తప్పినా సెకన్లు సరిగ్గా ఉంటే ఎఫ్‌టీ8 హాయిగా పనిచేస్తుంది, లాగ్ మాత్రం మొత్తం తప్పు పడుతుంది.

కంప్యూటర్‌లో టైమ్‌జోన్ భారత్‌గానే ఉంచి, సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తనంతట తానే సరిచేసుకోనివ్వడం మేలు. మార్చే పని ప్రోగ్రాంకే వదిలేయండి. పుస్తకంలో రాసేవాళ్లు రేడియో పక్కన తేదీ కూడా చూపించే 24 గంటల గడియారం ఒకటి యూటీసీకి పెట్టుకుని, తేదీ, సమయం రెండూ దాన్ని చూసే రాయాలి. లాగ్ ఎక్కించే ముందు తెల్లవారుజామున మాట్లాడిన పంక్తులు మాత్రం ఒకసారి చూసుకోండి. అక్కడ నిన్నటి తేదీ కనిపించకపోతే దిద్దుకున్నాకే పంపండి.