నిశీథమా, సూర్యోదయమా: జన్మాష్టమి ద్వైవిధ్యం, రోహిణి పాత్ర

శోభకృత్ నామ సంవత్సర నిజ శ్రావణ బహుళాష్టమి, దృగ్గణితం ప్రకారం, 2023 సెప్టెంబరు 6 బుధవారం మధ్యాహ్నం 3:37కు ప్రారంభమై మరునాడు సాయంత్రం 4:14కు ముగిసింది. రోహిణి 6వ తేదీ ఉదయం 9:20 నుండి 7వ తేదీ ఉదయం 10:25 వరకు ఉన్నది. స్మార్తులు 6న, గౌడీయాది వైష్ణవులు 7న ఉపవసించారు. ఉభయులకూ ఆధారమైన తిథి ఒక్కటే. దానిని ఏ క్షణాన పరీక్షించాలన్నదే భేదం.

కృష్ణావతరణం అర్ధరాత్రి జరిగినందున స్మార్తులకు నిశీథవ్యాప్తి ప్రధానం. 6వ తేదీ రాత్రి అష్టమి, రోహిణి రెండూ ఉన్నాయి. ఆనాటి సూర్యోదయాన సప్తమి ఉన్నదన్న అంశం ఈ నిర్ణయానికి అడ్డురాదు.

వైష్ణవులకు అదే అంశం దోషం. సూర్యోదయ సమయానికి సప్తమి స్వల్పంగా మిగిలి ఉన్నా ఆ అష్టమి ‘విద్ధ’మై త్యాజ్యమవుతుంది. 7వ తేదీ సూర్యోదయాన సప్తమి లేదు, కృత్తిక లేదు, అష్టమీ రోహిణులున్నాయి. అయితే ఆ రాత్రి పూజా సమయానికి అష్టమి ముగిసి దాదాపు ఎనిమిది గంటలైంది. నిశీథవాదికి ఇది వింతగా తోచవచ్చు గాని, ఉదయశుద్ధిని ప్రమాణంగా గ్రహించినవారికి ఇందులో వైరుధ్యం లేదు. స్మార్తులలో తిథి, నక్షత్రం రెండూ ముగిశాకే పారణ చేయాలన్న పక్షాన్ని పాటించినవారు 7న సాయంత్రం 4:14 దాకా ఆగవలసి వచ్చింది. వారు భోజనానికి కూర్చునే వేళకు వైష్ణవ గృహాలలో ఉపవాసం ఇంకా సాగుతూనే ఉన్నది.

మరి రోహిణి చేసే మార్పేమిటి? నిశీథాన అష్టమితో కలిస్తే ఆ పర్వానికి ‘జయంతి’ అన్న విశేష సంజ్ఞ వస్తుంది. మాధవాచార్యుని కాలనిర్ణయం జన్మాష్టమీ వ్రతాన్ని, జయంతీ వ్రతాన్ని వేర్వేరుగా పరిగణించింది. అంటే రోహిణి లేనంత మాత్రాన జన్మాష్టమి లోపించదు. జయంతీయోగం మాత్రమే లోపిస్తుంది.

2025లో ఈ భేదం స్పష్టమైంది. అష్టమి ఆగస్టు 15 రాత్రి 11:49కు మొదలై 16 రాత్రి 9:34కు ముగిసింది. రోహిణి 17 తెల్లవారుజామున 4:38కు గాని రాలేదు. నిశీథవ్యాప్తి చొప్పున 15, ఉదయశుద్ధి చొప్పున 16 వ్రతదినాలయ్యాయి. రెంటిలోనూ రోహిణి లేదు. అష్టమీ ప్రవేశానికి, అర్ధరాత్రికి మధ్య వ్యవధి అత్యల్పం కనుక, గణిత పద్ధతి మారి తిథి అరగంట జరిగితే స్మార్త నిర్ణయమే తారుమారు కాగలదు. సౌరమానాన సింహమాసంలో అష్టమీ రోహిణుల కలయికను కోరే కేరళలో మాత్రం పర్వం సెప్టెంబరు 14కు జరిగింది. సింహసంక్రమణం తరువాత వచ్చిన తొలి రోహిణి నవమితో కూడి ఉండటమే అందుకు కారణం.