పీఐ కంట్రోలర్‌తో మోటారు పోల్‌ను రద్దు చేయడం

పీఐ కంట్రోలర్‌లోని జీరోను (శూన్యాన్ని) మోటారు పోల్ (ధ్రువం) ఉన్న చోటనే నిలిపి, ఆ రెండూ ఒకదానినొకటి కొట్టివేసుకొనేటట్లు చేయడాన్ని పోల్-జీరో రద్దు అంటారు. మోటారు వేగాన్ని నియంత్రించే పద్ధతులలో విద్యార్థులు తొలుత నేర్చుకొనేవాటిలో ఇది ఒకటి. లెక్క సులభం, కోరిన వేగానికి మోటారు చక్కగా చేరుతుంది. అయితే మోటారుపై హఠాత్తుగా భారం పడినపుడు, రద్దయినదనుకొన్న నిదాన గుణమే తిరిగి బయటపడుతుంది. ఈ వ్యాసం ఆ చిక్కు ఎందుకు వస్తుందో, దానిని ఎలా గుర్తించాలో, ఎలా సవరించాలో వివరిస్తుంది.

== నేపథ్యం ==

రాజమహేంద్రవరంలో చిరకాలం ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అన్న పేరుతో ప్రసిద్ధమైన మిల్లు వంటి కాగితపు మిల్లులను ఉదాహరణగా తీసుకోవచ్చును. కాగితం తయారుచేసే యంత్రంలో తడి కాగితం ఒక విభాగం నుండి మరొక విభాగానికి రోలర్ల మీదుగా తెగకుండా సాగిపోవాలి. అటువంటి యంత్రాలలో ఒక్కొక్క విభాగాన్ని ఒక్కొక్క మోటారు తిప్పుతుంది. ఏ ఒక్క మోటారు వేగం తగ్గినా దాని వెనుక కాగితం వదులవుతుంది, ముందు బిగుసుకొని తెగుతుంది. కాబట్టి ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న, కొత్త వేగానికి మోటారు ఎంత త్వరగా చేరుతుందన్నది కాదు. భారం మారినపుడు పాత వేగాన్ని ఎంత త్వరగా తిరిగి అందుకొంటుందన్నదే.

క్రింది ఉదాహరణలోని సంఖ్యలు లెక్క కోసం ఎంచుకొన్నవి. ఏ ఒక్క మిల్లుకూ చెందినవి కావు.

== రద్దు చేసే విధానం ==

మోటారుకు ఇచ్చే ఇన్‌పుట్‌ను కొద్దిగా పెంచితే వేగం వెంటనే పెరగదు. రోటరు, దానికి తగిలించిన రోలర్ల జడత్వం వలన క్రమంగా పెరుగుతుంది. మొత్తం పెరుగుదలలో సుమారు 63 శాతం పూర్తికావడానికి పట్టే సమయాన్ని కాలస్థిరాంకం (T) అంటారు. ఇటువంటి మోటారును, దానిని నడిపే పీఐ కంట్రోలర్‌ను ఇలా వ్రాస్తారు:

```
G(s) = K / (T·s + 1)
C(s) = Kp·(Ti·s + 1) / (Ti·s)
```

మోటారు పోల్ s = −1/T వద్ద, కంట్రోలర్ జీరో s = −1/Ti వద్ద ఉంటాయి. Ti = T అని తీసుకొంటే లవంలోని పదం, హారంలోని పదం కొట్టివేయబడతాయి. మిగిలేది ఒక్క ఇంటిగ్రేటరు మాత్రమే. అప్పుడు కోరిన వేగం r నుండి అసలు వేగం y వరకు గల సంబంధం ఇలా ఉంటుంది:

```
y/r = 1 / (λ·s + 1),   λ = T / (K·Kp)
```

ఉదాహరణకు, భారీ రోలర్లను తిప్పే ఒక మోటారుకు T = 5 సెకండ్లు అనుకొందాం. 100 శాతం ఇన్‌పుట్‌కు వేగం నిమిషానికి 1000 చుట్లు. అనగా 1 శాతం ఇన్‌పుట్‌కు 10 చుట్లు. రెండింటినీ శాతాలలో కొలిస్తే K = 1 అవుతుంది. మోటారు 700 చుట్ల వద్ద నడుస్తున్నది. మనకు λ = 0.5 సెకండు కావాలంటే Kp = 10, Ti = 5 సెకండ్లు అవుతాయి.

ఇప్పుడు కోరిన వేగాన్ని 700 నుండి 710కి మార్చితే, 2 సెకండ్లకు ఇంకా చేరవలసినది 0.2 చుట్టు కంటె తక్కువే. వేగం లక్ష్యాన్ని దాటిపోదు, ఊగిసలాడదు. 5 సెకండ్ల మోటారు అర సెకండు మోటారుగా మారినట్లు కనిపిస్తుంది. ఇంతవరకు అంతా బాగున్నది.

== చిక్కు ఎక్కడ ఉన్నది ==

ఇప్పుడు కోరిన వేగాన్ని మార్చకుండా, మోటారుపై భారాన్ని పెంచుదాం. అదే వేగాన్ని నిలుపుకోవడానికి ఇన్‌పుట్ మరొక 20 శాతం అవసరమయ్యేంత భారం ఒక్కసారిగా పడినదనుకొందాం. ఈ భారం (d) నుండి వేగం వరకు గల సంబంధం వేరు:

```
y/d = K·λ·s / ((T·s + 1)·(λ·s + 1))
```

హారంలో (T·s + 1) మళ్ళీ వచ్చినది. కారణం భారం ప్రవేశించే చోటులో ఉన్నది. కోరిన వేగంలోని మార్పు మొదట కంట్రోలర్ గుండా, తరువాత మోటారు గుండా పోతుంది కనుక జీరో, పోల్ రెండూ దాని దారిలో ఎదురవుతాయి. భారం కంట్రోలర్ తరువాత, నేరుగా మోటారు వద్ద ప్రవేశిస్తుంది. దాని దారిలో పోల్ ఉన్నది గాని, దానిని కొట్టివేసే జీరో లేదు. అనగా రద్దు వలన పోల్ మాయం కాలేదు. ఒక దారిలో మాత్రమే కనబడకుండా పోయినది.

ఇదే విషయాన్ని సూత్రాలు లేకుండా కూడా చూడవచ్చును. కొత్త భారాన్ని శాశ్వతంగా మోయవలసినది కంట్రోలర్‌లోని ఇంటిగ్రల్ భాగం. అది తన అవుట్‌పుట్‌ను 20 శాతం పెంచుకొనే వరకు వేగంలో లోటు ఉంటూనే ఉంటుంది. ఇంటిగ్రల్ భాగం పెరిగే వేగం, లోటును Kp/Ti తో గుణించినంత. మన ఉదాహరణలో Kp/Ti = 2. లోటు అత్యధికంగా 1.55 శాతం ఉన్నప్పుడు కూడా అది సెకండుకు 3.1 శాతం మాత్రమే పెరుగుతుంది. లోటు తగ్గేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. Kp పెద్దది కాబట్టి లోటు లోతుగా పోలేదు, కాని ఆ చిన్న లోటుతో ఇంటిగ్రల్ భాగానికి తగినంత మేత అందడం లేదు.

== Ti తగ్గించినపుడు ==

Kp ను 10 గానే ఉంచి, Ti ను 5 నుండి 2 సెకండ్లకు తగ్గిద్దాం. ఇప్పుడు జీరో మోటారు పోల్‌పై లేదు. మూసిన లూపు పోల్‌లు 5s² + 11s + 5 = 0 నుండి వస్తాయి; వాటి కాలస్థిరాంకాలు సుమారు 0.64, 1.56 సెకండ్లు. 5 సెకండ్ల గుణం ఎక్కడా మిగలలేదు. అదే 20 శాతం భారానికి రెండు అమరికలలోను వేగం ఎంత తగ్గి ఉంటుందో ఈ పట్టికలో చూడవచ్చును (నిమిషానికి చుట్లలో).

| భారం పడిన తరువాత | Ti = 5 (రద్దు) | Ti = 2 |
|---|---|---|
| 1 సెకండు | 15.2 | 13.8 |
| 2 సెకండ్లు | 14.5 | 10.2 |
| 5 సెకండ్లు | 8.2 | 1.7 |
| 10 సెకండ్లు | 3.0 | 0.1 |

మొదటి సెకండులో తేడా స్వల్పం. ఆ తరువాతే అసలు తేడా తెలుస్తుంది. రద్దు చేసిన అమరికలో వేగపు లోటు పొడవైన తోకలాగా సాగుతుంది.

ఈ తోక ఎంత నష్టం చేస్తుందో కొలవడానికి ఒక సులభ సూత్రం ఉన్నది. భారం వలన కలిగిన లోటును మొత్తం కాలానికి కూడితే d·Ti/Kp వస్తుంది. Ti = 5 అయినపుడు ఇది 10 శాతం-సెకండ్లు, అనగా మోటారు సుమారు 1.67 చుట్లు వెనుకబడుతుంది. Ti = 2 అయినపుడు 0.67 చుట్టు మాత్రమే. మోటారుకు, రోలరుకు మధ్య 10:1 గేరు ఉండి, రోలరు వ్యాసం 1.5 మీటర్లనుకొంటే, ఇరుగుపొరుగు విభాగాలు వేగం మారక తిరుగుతున్నపుడు మొదటి అమరికలో సుమారు 79 సెంటీమీటర్ల కాగితం తేడా వస్తుంది. రెండవ దానిలో 31 సెంటీమీటర్లు. వేగ సూచికపై ఒక శాతంగా కనిపించిన లోటు, కాగితం విషయంలో ఇంత అవుతుంది.

== సవరణకు చెల్లించే మూల్యం ==

Ti తగ్గించినందుకు కొంత మూల్యం చెల్లించాలి. పై అమరికలో కోరిన వేగాన్ని మార్చితే, అసలు వేగం లక్ష్యాన్ని సుమారు 7 శాతం దాటిపోయి వెనుకకు వస్తుంది. 10 చుట్ల మార్పుకు 0.7 చుట్టు. దీనిని సరిచేయడానికి లూపును ముట్టుకోనవసరం లేదు. కోరిన వేగానికి ప్రపోర్షనల్ భాగంలో b అనే గుణకం పెడితే చాలును:

```
u = Kp·(b·r − y) + (Kp/Ti)·∫(r − y) dt
```

ఇక్కడ b = 0.78 అయితే లక్ష్యాన్ని దాటడం పోయి, వేగం 0.64 సెకండు కాలస్థిరాంకంతో చేరుతుంది. ఇక్కడ కూడా ఒక జీరో ఒక పోల్‌ను కొట్టివేస్తున్నది. అయితే దాగిపోయే పోల్ 1.56 సెకండ్లది, 5 సెకండ్లది కాదు. b విలువ భారానికి వచ్చే స్పందనను ఏమాత్రం మార్చదు కనుక పట్టికలోని అంకెలు అలాగే ఉంటాయి.

Ti ను ఇష్టం వచ్చినంత తగ్గించడమూ కుదరదు. ఈ ఉదాహరణలో Ti సుమారు 1.65 సెకండ్ల కంటె తగ్గితే స్పందనలో ఊగిసలాట మొదలవుతుంది. వేగాన్ని కొలిచే సాధనంలోను, ఫిల్టరులోను ఉండే ఆలస్యాలు దానిని మరింత పెంచుతాయి.

నార్వేకు చెందిన సిగర్డ్ స్కోగెస్టాడ్ 2003లో ప్రచురించిన నియమం ఈ రెండింటికీ మధ్యమార్గం చూపుతుంది. లూపులోని ఆలస్యం θ అయితే, T, 4(λ + θ) లలో ఏది చిన్నదో దానిని Ti గా తీసుకోవాలి. మన ఉదాహరణలో θ = 0 కాబట్టి 4λ = 2 సెకండ్లు; పైన వాడినది అదే.

== రద్దు తగిన సందర్భాలు ==

పై నియమాన్ని బట్టే రద్దు ఎప్పుడు తగినదో కూడా తెలుస్తుంది. మోటారు కాలస్థిరాంకం, మనం కోరే λ కంటె నాలుగు రెట్లకు మించకపోతే Ti = T పెట్టవచ్చును; తోక పెద్దగా ఉండదు. మోటారు డ్రైవులలో లోపలి కరెంటు లూపుకు సాధారణంగా రద్దు పద్ధతినే వాడతారు. వైండింగు కాలస్థిరాంకం సాధారణంగా మిల్లీసెకండ్లలో ఉంటుంది కనుక, దాని తోక కూడా అంత త్వరగానే ముగుస్తుంది. జడత్వం శాసించే బయటి వేగ లూపుకు మాత్రం 1958లో జర్మనీకి చెందిన కెస్లర్ ప్రతిపాదించిన సిమెట్రికల్ ఆప్టిమం వంటి, పోల్‌ను రద్దు చేయని పద్ధతులను వాడుతూ వచ్చారు.

అస్థిరమైన పోల్‌ను, అనగా వదిలేస్తే పెరుగుతూ పోయే గుణాన్ని, ఈ విధంగా ఎన్నడూ రద్దు చేయరాదు. అక్కడ దాగిన తోక తగ్గదు, పెరుగుతుంది.

== ఎలా గుర్తించాలి ==

కోరిన వేగాన్ని మార్చి చూసే పరీక్షలో ఈ లోపం కనబడదు. భారంతో పరీక్షించాలి. ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో మోటారుకు ఒక జనరేటరును తగిలించి, దాని అవుట్‌పుట్‌కు బల్బుల పెట్టెను కలుపుతారు. మోటారు నిలకడగా తిరుగుతున్నపుడు కొన్ని బల్బులు ఒక్కసారిగా వెలిగించి, వేగం పడి లేచే తీరును నమోదు చేయాలి. భారం మార్చడానికి వీలులేని చోట, కంట్రోలర్ అవుట్‌పుట్‌కు కొద్ది శాతం కలిపినా అదే ఫలితం కనిపిస్తుంది.

లోటు అత్యధిక స్థాయి దాటి కొంతసేపు గడిచాక, అది ఉన్నదానిలో 37 శాతానికి తగ్గడానికి పట్టిన సమయాన్ని కొలవాలి. ఆ సమయం, కంట్రోలర్ లేకుండా కొలిచిన T కి దాదాపు సమానమైతే, మోటారు పోల్ రద్దు చాటున దాగి ఉన్నదని నిర్ధారించుకోవచ్చును. మన ఉదాహరణలో రద్దు చేసిన అమరికకు ఆ సమయం 5 సెకండ్లు, Ti = 2 అమరికకు సుమారు ఒకటిన్నర సెకండు ఉంటుంది.